వాయిదా పట్టిక చివర 90 రూపాయల 62 పైసలు మిగిలిపోతున్నాయి. ఎక్కడ తప్పు?

తొలిమెట్టు
అందరికీ నమస్కారం. సీఏ ఫౌండేషన్ రాయబోతున్నాను. ఈ లెక్క దగ్గర నిన్న సాయంత్రం నుంచి కూర్చున్నాను.

అప్పు 10,00,000. వడ్డీ ఏటా 10 శాతం. 5 సమాన వార్షిక వాయిదాలు, ప్రతిదీ సంవత్సరాంతంలో. పుస్తకం వెనక పట్టికలో 5 ఏళ్లకు, 10 శాతానికి యాన్యుటీ ఫ్యాక్టరు 3.791 అని ఉంది. దానితో భాగిస్తే వాయిదా 2,63,782.64 వచ్చింది. తర్వాత నేను వేసిన పట్టిక ఇది:

```
ఏడు     వడ్డీ         అసలు          మిగిలిన బాకీ
1    1,00,000.00   1,63,782.64    8,36,217.36
2      83,621.74   1,80,160.90    6,56,056.46
3      65,605.65   1,98,176.99    4,57,879.47
4      45,787.95   2,17,994.69    2,39,884.78
5      23,988.48   2,39,794.16          90.62
```

చివరి బాకీ సున్నా రావాలి కదా? మూడు సార్లు వేశాను, మూడు సార్లూ ఇదే 90.62. తీసివేతలన్నీ సరిగానే ఉన్నాయి. పైసల సర్దుబాటు అనుకుందామంటే, పైసలు 90 రూపాయలు ఎలా అవుతాయి?

కాకినాడ కాజా
అయిదో ఏటి వడ్డీని లెక్క కట్టకు, మిగులుగా రాబట్టు. అంటే చివరి వరుసలో ముందు అసలు 2,39,884.78 అని రాసెయ్యి, వాయిదాలోంచి అది తీసేస్తే మిగిలిన 23,897.86 వడ్డీ అనుకో. బాకీ సున్నా అవుతుంది. కింద "పైసల సర్దుబాటు వల్ల" అని ఒక గమనిక. మా సార్లు అందరూ ఇలాగే చేయించారు, మార్కులు కూడా పడ్డాయి. 10 లక్షల్లో 90 రూపాయలు ఒక లెక్కా?

బోర్డు సుద్దముక్క
కాజా గారు చెప్పింది పరీక్ష వరకు చెల్లుతుంది, కాదనను. కానీ అమ్మాయి అడిగింది అది కాదు. 90 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది. సర్దేస్తే కారణం కనిపించదు, పైగా ఇంకోసారి నిజంగా తీసివేత తప్పు చేసినా అదే చాప కింద తోసేస్తారు.

కారణం పట్టికలో లేదమ్మా, పట్టికకు ముందే ఉంది. అసలు ఫ్యాక్టరు 3.790787. పుస్తకంలో దాన్ని 3.791 చేశారు. భాగించే సంఖ్య పెరిగింది కాబట్టి వాయిదా తగ్గింది. సరైన వాయిదా 2,63,797.48. నువ్వు ప్రతి ఏడూ 14.84 రూపాయలు తక్కువ కడుతున్నావు. ఆ తక్కువ కట్టినదానికీ అప్పిచ్చినవాడు 10 శాతం వడ్డీ వేస్తాడు కదా. ఏటా 14.84 చొప్పున 5 ఏళ్లు, వడ్డీతో సహా ఎంతవుతుంది? ఏటా ఒక రూపాయి చొప్పున వేస్తే 5 ఏళ్ల చివర 6.1051 అవుతుంది. 14.84ను దానితో గుణించు: 90.60. నీ 90.62కీ దీనికీ ఉన్న 2 పైసల తేడాయే నిజమైన పైసల సర్దుబాటు.

దీన్నే వెనక నుంచి కూడా వాడవచ్చు. చివర ఎంత మిగిలినా దాన్ని 6.1051తో భాగించు. వాయిదాలో ఎంత తేడా ఉందో బయటపడుతుంది. అలా వచ్చిన తేడాను నీ వాయిదాకు కలిపి పట్టిక మళ్లీ వేస్తే బాకీ సున్నాకు రావాలి. రాకపోతే అప్పుడు తీసివేతల్లో వెతుకు.

తొలిమెట్టు
90.62 ÷ 6.1051 = 14.84. వచ్చింది మాస్టారూ! తక్కువ కట్టిన 14 రూపాయలు పెరిగి పెరిగి 90 అవుతాయని తట్టనే లేదు.

మరి పరీక్షలో 3.790787 నాకు ఎవరు ఇస్తారు? సైంటిఫిక్ కాలిక్యులేటరు తీసుకువెళ్లనివ్వరు కదా.

రెండు మెమరీలు
అవసరం లేదు. దుకాణాల్లో వాడే 12 అంకెల మామూలు కాలిక్యులేటరు చాలు, GT అనే మీట ఉంటే. GT పని ఒక్కటే: = నొక్కిన ప్రతిసారీ వచ్చిన జవాబును తన దగ్గర కూడబెట్టుకుంటుంది.

```
AC
1 ÷ 1.1 = = = = =
GT
```

మొదటి = కి 0.9090..., రెండోదానికి 0.8264..., అలా అయిదోదానికి 0.6209... వస్తాయి. ఇవి ఒక్కో ఏడాది చివర వచ్చే రూపాయికి నేటి విలువలు. GT నొక్కితే అయిదింటి మొత్తం 3.7907... చూపిస్తుంది. దాన్ని రాసుకోకుండా మెమరీలో వేసుకుని 10,00,000ను భాగించు. పైన మాస్టారు చెప్పిన వాయిదా వస్తుంది.

కొన్ని మోడళ్లలో ఇలా నొక్కితే రెండో = కి ఏమీ మారదు. వాటిలో భాగహారం మీటను రెండు సార్లు నొక్కాలి, సంఖ్యల వరుస కూడా తిరగబడుతుంది:

```
AC
1.1 ÷ ÷ 1 = = = = =
GT
```

తెరపై చిన్న K వెలుగుతుంది. మీదే రకమో తెలుసుకోవాలంటే రెండు సార్లు = నొక్కి చూడండి. 0.8264 వచ్చిన పద్ధతి మీది. పరీక్ష హాల్లో కాదు, ఇప్పుడే చూడండి.

నల్లగొండ బీకాం
ఈ దారం చూసి నేనూ అదే లెక్క GTతో వేశాను. వాయిదా 2,63,852.24 వచ్చింది. పట్టిక వేస్తే చివర బాకీ మైనస్ 334. అంటే నేను బ్యాంకుకు ఎదురు అప్పిచ్చానా? మీట అయిదు సార్లే నొక్కాను, ఒట్టు.

రెండు మెమరీలు
334ను 6.1051తో భాగిస్తే 54.7. అంత ఎక్కువ కడుతున్నారు. కాలిక్యులేటరు పైభాగంలో F, 4, 3, 2, 0 అని జరిపే బొత్తాం ఉంటుంది చూడండి. అది 2 దగ్గర ఉందా? = నొక్కుతున్నప్పుడు తెర మీద 0.91, 0.83, 0.75 అని కనిపించాయా?

నల్లగొండ బీకాం
2 దగ్గరే ఉంది. మా నాన్నగారి కిరాణా కొట్టు కాలిక్యులేటరు అది. ఆయనకు పైసల దాకా చాలు మరి. 0.91 అనే కనిపించింది, అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

రెండు మెమరీలు
అదే. 0.91, 0.83, 0.75, 0.68, 0.62 కలిపితే 3.79. అది భాగించే సంఖ్యను తగ్గించింది, వాయిదా పెరిగింది. బొత్తాం F మీద పెట్టండి. లెక్క అయ్యాక మళ్లీ 2కి జరపండి, లేకపోతే కొట్టులో నాన్నగారు మిమ్మల్ని వెతుక్కుంటారు.

ఇంకో రెండు చోట్ల జారిపడతారు. ఒకటి, పాత GT చెరపకపోవడం. C నొక్కితే తెర మాత్రమే ఖాళీ అవుతుంది, AC నొక్కాలి. తెర మూలన GT గుర్తు వెలుగుతుంటే లోపల ఇంకేదో ఉన్నట్టే. రెండోది, = ఎన్ని సార్లు నొక్కామో మర్చిపోవడం. 5 అయితే పరవాలేదు, నెలవారీ 36 వాయిదాలంటే వేలు తడబడుతుంది.

బోర్డు సుద్దముక్క
అందుకే నేను పిల్లలకు GT వేయించాక ఇంకో దారిలో సరిచూడమంటాను. తెర మీద చివరగా నిలిచిన సంఖ్య 0.6209213 ఉంది కదా. దాన్ని 1లోంచి తీసెయ్యి: 0.3790787. 0.1తో భాగించు: 3.790787. GT చూపినదీ ఇదీ ఒకటే కావాలి.

ఇది ఎందుకు కుదురుతుందంటే, ఏటా రూపాయి శాశ్వతంగా వస్తే 10 శాతం మీద దాని నేటి విలువ 10 రూపాయలు. ఆరో ఏటి నుంచి శాశ్వతంగా వచ్చే రూపాయిల విలువ కూడా అయిదో ఏటి చివర నిలబడి చూస్తే 10 రూపాయలే. దాన్ని నేటికి తెస్తే 6.209213. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేది మొదటి అయిదేళ్ల రూపాయిలు: 3.790787. యాన్యుటీ అంటే తోక కత్తిరించిన పర్పెచ్యువిటీ. నాకు ఇది అర్థం కావడానికి ఉద్యోగంలో చేరాక రెండేళ్లు పట్టింది, అంతవరకు సూత్రం బట్టీ పెట్టి బోధించాను.

అయితే ఒక హద్దు ఉంది. = ఒకటి తక్కువ నొక్కి ఉంటే, GT కూడా ఒకటి తక్కువే కూడుతుంది. అప్పుడు రెండు దారులూ నాలుగేళ్ల జవాబు మీద చక్కగా ఏకీభవిస్తాయి. కాబట్టి నొక్కిన లెక్కను మాత్రం విడిగా చూసుకోవాల్సిందే.

పాసుపుస్తకం
నా సందేహం కూడా ఇలాంటిదే కాబట్టి అడుగుతున్నాను. మా ఇంటి అప్పుకు నెలనెలా ఒకే ఈఎంఐ. స్టేట్‌మెంటులో అసలు కింద జమ అయ్యేది ప్రతి నెలా కొంచెం కొంచెం పెరగాలని మా అబ్బాయి చెప్పాడు. కానీ మార్చిలో ఒక్కసారిగా ఎక్కువ పెరిగింది, ఏప్రిల్‌లో తగ్గింది. నేను కూడా 6.1051తో భాగించాలా?

కాకినాడ కాజా
వద్దండీ! అది 5 ఏళ్లకు, 10 శాతానికి మాత్రమే. మీది నెలవారీది.

బోర్డు సుద్దముక్క
పాసుపుస్తకం గారూ, పరీక్షల్లో ప్రతి నెలా ఒకే పొడుగు. మీ బ్యాంకు రోజుల లెక్కన వడ్డీ కడుతూ ఉండవచ్చు. ఈఎంఐ నెల మొదట్లో కడుతుంటే, మార్చి వాయిదాలో పడే వడ్డీ ఫిబ్రవరిది, అంటే 28 రోజులది. వడ్డీ తగ్గితే అసలుకు ఎక్కువ పోతుంది. ఏప్రిల్ వాయిదాలో 31 రోజుల వడ్డీ. జనవరి, ఏప్రిల్ వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ 31 రోజుల నెలల తర్వాతివే కాబట్టి వాటి మధ్య పెరుగుదల నెమ్మదిగా ఉంటుంది. అలా కూడా లేకపోతే మధ్యలో వడ్డీ రేటు మారిందేమో అడగండి.

పాసుపుస్తకం
రేటు ఒకసారి మారింది, ఏ నెలో గుర్తులేదు. కాగితాలు వెతికి చెబుతాను.

తొలిమెట్టు
అసలు నెలనెలా పెరగాలని వాళ్లబ్బాయి చెప్పినది నాకు కొత్త. ఏ లెక్కన పెరుగుతుంది?

రెండు మెమరీలు
(1 + వడ్డీ రేటు) చొప్పున, ప్రతి వాయిదాకు. నీ లెక్కలో 1.1 రెట్లు. ఎందుకంటే ఈ ఏడు 1,63,797.48 అసలు తీర్చావు, వచ్చే ఏడు దాని మీద వడ్డీ 16,379.75 తప్పింది. వాయిదా మారదు కాబట్టి తప్పిన వడ్డీ అంతా అసలులోకి వెళ్తుంది. 1,80,177.23. ఇది పట్టుకుంటే మొత్తం పట్టికను అర నిమిషంలో సరిచూడవచ్చు:

```
AC
1.1 × 163797.48 = = = =
GT
```

K రకం వాళ్లు × రెండు సార్లు నొక్కండి. తెరపై రెండో ఏటి నుంచి అయిదో ఏటి దాకా అసలు వరుసగా వస్తుంది: 1,80,177.23, 1,98,194.95, 2,18,014.45, 2,39,815.89. మొదటి ఏటిది మనం చేత్తో ఎక్కించాము, = నొక్కి తెచ్చింది కాదు, కాబట్టి GTలో ఉండదు. GT 8,36,202.52 చూపిస్తుంది. దానికి 1,63,797.48 కలిపితే 10,00,000, పైసా అటూ ఇటూగా. తీర్చిన అసళ్ల మొత్తం తెచ్చిన అప్పుతో సమానం కావాలి, అంతే కదా.

నల్లగొండ బీకాం
ఒకటి గమనించాను. నా పుస్తకంలో ఇదే లెక్కకు రెండో భాగం ఉంది: వాయిదాలు సంవత్సరం మొదట్లో కడితే ఎంత? జవాబు 2,39,815.89 అని ఇచ్చారు. అది పైన అయిదో ఏటి అసలుతో పైసాకు పైసా ఒకటే! అచ్చుతప్పా, కాకతాళీయమా?

బోర్డు సుద్దముక్క
రెండూ కాదు. మొదట్లో కడితే ప్రతి వాయిదా ఒక ఏడాది ముందుకు జరుగుతుంది, కాబట్టి 2,63,797.48ను 1.1తో భాగిస్తే చాలు. ఇక చివర్లో కట్టే పట్టికలో అయిదో ఏడు మొదట్లో మిగిలిన బాకీకి ఏడాది వడ్డీ కలిపితే ఆఖరి వాయిదా కావాలి. అంటే ఆ బాకీ కూడా వాయిదాను 1.1తో భాగించినదే. బాగా పట్టుకున్నావయ్యా, ఇన్నేళ్లలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను.

తొలిమెట్టు
పర్పెచ్యువిటీ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. "నాలుగో సంవత్సరం నుంచి ఏటా 50,000 రూపాయల ఉపకార వేతనం శాశ్వతంగా ఇవ్వాలి. వడ్డీ 8 శాతం. నేడు ఎంత జమ చేయాలి?" ఇచ్చిన జవాబులు 4,59,394, 4,96,145, 5,35,837, 6,25,000. నేను 50,000ను 0.08తో భాగించి 6,25,000 తెచ్చి, నాలుగేళ్లు వెనక్కి తెచ్చాను. 4,59,394. వెనక జవాబు 4,96,145 అంటోంది.

కాకినాడ కాజా
నాలుగో ఏడు అన్నారు కాబట్టి నాలుగేళ్లే వెనక్కి తేవాలి. పుస్తకం తప్పు.

రెండు మెమరీలు
పుస్తకం తప్పు కాదు, డబ్బును నడిపించి చూడండి. 4,59,394ను బ్యాంకులో వేసి 1.08తో మూడు సార్లు గుణించండి. మూడో ఏటి చివర సుమారు 5,78,704. నాలుగో ఏడు దాని మీద వచ్చే వడ్డీ 46,296. ఇవ్వాల్సింది 50,000. తొలి ఏడే అసలులో చెయ్యి పెట్టాలి, పెడితే అది శాశ్వతం కాదు. 4,96,145ను అలాగే నడిపిస్తే మూడో ఏటి చివర 6,25,000, నాలుగో ఏటి వడ్డీ సరిగ్గా 50,000, అసలు కదలదు.

పర్పెచ్యువిటీ సూత్రం ఎప్పుడూ మొదటి చెల్లింపుకు ఒక ఏడాది ముందు నిలబడి విలువ చెబుతుంది. అందుకే మూడేళ్లే. అంతులేని వరసను GTతో కూడలేము కాబట్టి, దీన్ని సరిచూడడానికి ఇలా ముందుకు నడిపించడమే దారి.

కాకినాడ కాజా
సరే, ఒప్పుకున్నాను. కానీ "నాలుగో సంవత్సరం నుంచి" అంటే నాలుగో ఏడు మొదట్లోనే ఇస్తే? ఉపకార వేతనాలు బడి తెరిచినప్పుడు ఇస్తారు, మూసేటప్పుడు కాదు.

బోర్డు సుద్దముక్క
అప్పుడు రెండేళ్లే వెనక్కి. 5,35,837. జవాబుల్లో అదీ ఉంది చూడండి. ప్రశ్న వేసినవాడు నాలుగు రకాల ఆలోచనలనూ లెక్క కట్టి నాలుగు జవాబులు పెట్టాడు. మాట లేనప్పుడు సంవత్సరాంతం అనుకోవడం ఆనవాయితీ, కాబట్టి నేను 4,96,145 గుర్తిస్తాను.

నల్లగొండ బీకాం
మా లెక్చరర్ మాత్రం "నుంచి" అంటే మొదట్లో అనే తీసుకోవాలంటారు. ఆయన దగ్గర 5,35,837 రాయకపోతే మార్కులు లేవు.

కాకినాడ కాజా
మీ లెక్చరర్‌కు నా నమస్కారాలు చెప్పండి. మొదటిసారి ఎవరో నా పక్షాన ఉన్నారు.

తొలిమెట్టు
ఫౌండేషన్‌లో ఈ పేపరులో తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది కూడా. సంవత్సరాంతమే తీసుకుంటాను. మొదటి లెక్కను GTతో మళ్లీ వేశాను, వాయిదా 2,63,797.48, చివరి బాకీ సున్నా. ఈసారి కాజా గారి గమనిక అవసరమే పడలేదు.

పాసుపుస్తకం
కాగితాలు దొరికాయి. రేటు మారింది సెప్టెంబరులో. మార్చికి దానికి సంబంధం లేదు. కానీ జనవరి కంటే ఏప్రిల్‌లో అసలు 11 రూపాయలు తగ్గింది మాస్టారూ, పెరగలేదు. ఇది కూడా రోజుల లెక్కేనా?

బోర్డు సుద్దముక్క
తగ్గకూడదండీ. ఆ నెలల్లో ఈఎంఐ ఏ తేదీన జమ అయిందో, బీమా ప్రీమియం లాంటిదేమైనా అప్పు ఖాతాలో కలిపారేమో చూడండి. ఖాతా నంబరు లేకుండా ఆ నాలుగు నెలల వరుసలు ఇక్కడ రాయండి, రేపు సాయంత్రం చూస్తాను.